కువైట్ ఒప్పందంలో జారిపోయే చిన్న మాటలు

కడప నుంచో కోనసీమ నుంచో కువైట్ వెళ్లేవాళ్లకు అర్థమయ్యేది, అర్థమైతే, ఒప్పందం ఇంగ్లిషు ప్రతే. కానీ అక్కడి 2010 నాటి కార్మిక చట్టం ప్రకారం రెంటికీ తేడా వస్తే చెల్లేది అరబ్బీ ప్రతి. అందుకే అనువాదాన్ని సరిచూసేవాళ్లు ముందుగా అరబ్బీనే చేతిలోకి తీసుకోవాలి. ఇంగ్లిషులో ఒక ‘కాదు’ జారిపోయినా వాక్యం నున్నగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

ఇలాంటి నిబంధన ఒకటి ఉందనుకుందాం: ‘ఇదా లమ్ యద్‌ఫఅ్ సాహిబుల్ అమల్ అల్ అజ్‌ర ఖిలాల షహ్‌రైన్, జాజ లిల్ ఆమిలి తర్కుల్ అమల్ దూన ఇన్‌దార్.’ యజమాని రెండు నెలల్లోగా జీతం ఇవ్వకపోతే, పనివాడు నోటీసు లేకుండానే పని మానేయవచ్చని దీని అర్థం.

ఇందులో ‘లమ్’ వదిలేస్తే ‘జీతం ఇస్తే మానేయవచ్చు’ అని వస్తుంది. ఆ వింతను ఎవరైనా పట్టుకుంటారు. అసలు ప్రమాదం ‘దూన’తో. అది పోతే ‘నోటీసు ఇచ్చి మానేయవచ్చు’ అవుతుంది, ఎంతో సహజంగా వినిపిస్తుంది. కాబట్టి లా, లమ్, లన్, లైస, గైర్, దూన, ఇల్లా ఎక్కడున్నా అరబ్బీ ప్రతిలో పెన్సిలుతో సున్నా చుట్టి, ఒక్కొక్కదాని అర్థం ఇంగ్లిషులో ఎక్కడ చేరిందో వెతకాలి. లెక్క సరిపోతే చాలదు. ‘లా’, ‘ఇల్లా’ కలిసి వచ్చిన చోట ఇంగ్లిషులో తరచు ‘మాత్రమే’ అనే ఒక్క మాటే మిగులుతుంది, అది తప్పు కాదు.

అంకెల కోసం మళ్లీ మొదటి నుంచి చదవాలి. ‘షహ్‌రైన్’లో ‘రెండు’ అనే మాట విడిగా లేదు, చివరి ‘ఐన్’లోనే ఉంది. అంకెలను మాత్రమే వెతికే కన్ను దీన్ని దాటిపోతుంది. మాటల్లో రాసినప్పుడు ఒకట్లు ముందు, పదులు తర్వాత వస్తాయి, తొందరలో 25 కాస్తా 52 అవుతుంది. దీనారుకు వెయ్యి ఫిల్సులు కాబట్టి చుక్క తర్వాత మూడు అంకెలు ఉంటాయి. 120.500 అంటే నూట ఇరవైన్నర దీనార్లు.

కాలం మూడోసారి. ‘జాజ’ రూపంలో భూతకాలమే, కానీ ‘ఇదా’ షరతు వెంట వచ్చింది గనుక ఇక్కడ ‘మానేయవచ్చు’ అనాలి. ‘మానేయడానికి అనుమతి ఉండేది’ అని రాస్తే హక్కు గతంలో కలిసిపోతుంది. ‘లమ్’ పక్కన క్రియ వర్తమానంలా కనిపిస్తూ ‘ఇవ్వలేదు’ అంటుంది, ‘లన్’ పక్కన ‘ఇవ్వను’ అంటుంది. తేడా ఒక్క అక్షరమే. యజమాని ఉత్తరంలో మొదటిది బాకీని ఒప్పుకోవడం, రెండోది ఎగవేత.

ఇంత చేసినా జిరాక్సు ముందు ఓడిపోవచ్చు. అరబ్బీలో గుండ్రటి గుర్తు అయిదు, సున్నా ఉత్త చుక్క. మసక కాపీలో ఆ చుక్క చెరిగితే 150 చూస్తుండగానే 15 అవుతుంది. అక్షరాల్లో రాసిన మొత్తంతో పోల్చాలి, అదీ లేకపోతే అసలు కాగితం తెప్పించుకోవాలి.