పది కిలోమీటర్లు పదితో అయిపోవు

స్వీడన్ అడవిలో ఓరియంటీరింగ్ పోటీ. కోర్సు 10 కిలోమీటర్లు. ఒక రన్నర్‌కు 70 నిమిషాలు పట్టిందనుకుందాం. అంటే కిలోమీటరుకు 7 నిమిషాలు. రోడ్డు మీద 4 నిమిషాల్లో పరుగెత్తే మనిషి ఇంత నెమ్మదించాడా?

సగమే నిజం. కోర్సు పొడవంటే కంట్రోల్ నుంచి కంట్రోల్‌కు మ్యాపు మీద గీసిన తిన్నని గీత. దాటడానికి వీల్లేని చెరువులాంటిది అడ్డొస్తేనే అది వంగుతుంది. రన్నర్ మాత్రం బురదనీ పొదల్నీ రాతిగుట్టల్నీ తప్పించుకుంటూ, మంచి బాట దొరికితే చుట్టు తిరిగైనా పోతాడు. చేతి వాచీలోని జీపీఎస్ 12.5 కిలోమీటర్లు చూపిస్తే, కాళ్ల అసలు వేగం కిలోమీటరుకు 5 నిమిషాల 36 సెకన్లు. మిగతా ఆలస్యానికి నాచు, రాళ్లు, ఎక్కుళ్లు, మ్యాపు చూసుకోవడం కారణం.

ఈ లెక్కలోనూ ఓ మెలిక ఉంది. కంట్రోల్ దొరక్క చక్కర్లు కొట్టినా జీపీఎస్ వేగం బాగానే కనిపిస్తుంది. ఆ తప్పును పట్టించేది గీత లెక్కే.