పక్క నుంచి చూస్తే ఆ ముక్కేనా?

జడ వేసుకుని, ఎడమ ముక్కుకు పుడక, చెవులకు బుట్టలు పెట్టుకున్న ఒకావిడ పాస్‌పోర్ట్ ఫొటో ఉందనుకుందాం. దాన్ని ఏఐ టూల్‌కిచ్చి ముఖాన్ని 45 డిగ్రీలు తిప్పమంటే, చాలాసార్లు ఇంట్లోవాళ్లు కూడా నమ్మే బొమ్మే వస్తుంది. పూర్తిగా 90 డిగ్రీలు తిప్పమంటే మాత్రం ఆవిడ చెల్లెలో, పెద్దమ్మ కూతురో అనిపిస్తుంది.

కారణం లోతు. నేరుగా తీసిన ఫొటోలో ముక్కు వెడల్పు, పొడవు కొలవొచ్చు. అది ఎంత ముందుకు పొడుచుకొచ్చిందో చెప్పేవి మాత్రం నీడలే. ఫ్లాష్ వెలుగులో అవీ చెదిరిపోతాయి. ముక్కు ఎత్తును టూల్ 5 మిల్లీమీటర్లు తప్పుగా ఊహించినా ఎదుటి ఫొటోలో తేడా కనబడదు. 45 డిగ్రీలు తిప్పితే ముక్కు కొన సుమారు మూడున్నర మిల్లీమీటర్లు జరుగుతుంది. 90 డిగ్రీల దగ్గర ఆ 5 మిల్లీమీటర్లూ బయటపడతాయి. గడ్డం లోపలికి ఉందా, ముక్కు మీద గూని ఉందా అన్నవీ ఇలాగే తేలతాయి.

తెలియని చోట టూల్ తాను నేర్చుకున్న ముఖాలను ఆశ్రయిస్తుంది. 1999లో ఫోల్కర్ బ్లాంజ్, థామస్ ఫెట్టర్ 200 మంది తలలను లేజర్‌తో స్కాన్ చేసి, వాటి సగటు నుంచి కొత్త ముఖాలను మలిచే పద్ధతి చూపించారు. ఆ 200 మందిలో దాదాపు అందరూ శ్వేతజాతీయులే. తర్వాత వచ్చిన EG3D వంటివి స్కాన్లు లేకుండా వేల ఫొటోల నుంచే నేర్చుకున్నాయి. అయితే ఆ ఫొటోల్లోనూ ఎక్కువమంది కెమెరాకు ఎదురుగానే ఉన్నారు. అందుకే ఆధారం తగ్గేకొద్దీ ముక్కూ గడ్డమూ సగటు వైపు జారతాయి.

సెల్ఫీ అయితే చిక్కు ఇంకా పెద్దది. ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే, అడుగు దూరంలో తీసినదాంట్లో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. ఎంత దూరం నుంచి తీశారో పట్టించుకోని టూల్ ఆ వెడల్పునే అసలు ముక్కనుకుంటుంది.

ఇక ఫొటోలో అసలు లేనివి. చెవి వెనక భాగం, మెడ, వీపు మీది జడ పూర్తిగా కల్పనే. జడ ఉన్నట్టే తెలియదు కాబట్టి జుట్టు మెడ దగ్గరే ఆగిపోవచ్చు. కనబడని భాగాన్ని రెండోవైపు చూసి నింపే పద్ధతుల్లో పుడక కుడి ముక్కుకూ మొలవవచ్చు. గాలిలో వేలాడాల్సిన బుట్ట చెంపకు అతుక్కుపోతుంది.

ఏది ఊహో పట్టుకోవడానికి ఒక దారి ఉంది. అదే ఫొటో నుంచి పక్క ముఖాన్ని నాలుగైదుసార్లు, ప్రతిసారీ సీడ్ నంబర్ మార్చి, తయారు చేయించాలి. మారుతూపోయే చెవి, జుట్టు, గడ్డం గీత ఫొటోలోంచి వచ్చినవి కావు. అలాగని మారనివన్నీ నిజమనీ కాదు. సగటు ముక్కు ప్రతిసారీ ఒకేలా రావచ్చు. దాన్ని తేల్చాలంటే ఆవిడ పక్కకు తిరిగి ఉన్న ఫొటో, పెళ్లి ఆల్బమ్‌లోదైనా సరే, పక్కన పెట్టి చూడాల్సిందే.