నిందిస్తే నల్లా రాదు

మా బాబు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు బడి డైరీలో టీచరుగారు ఇలా రాసి పంపారు: "మీ బాబు పళ్లు తోముకోవడం లేదు. తల్లిగా మీరు బొత్తిగా శ్రద్ధ పెట్టడం లేదు." అది చదివి నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపమంతా పిల్లాడి మీద చూపించాను. రోజుకు రెండుసార్లు నిలబెట్టి, ఉప్పూ బొగ్గూ కలిపి మరీ తోమించాను. చిగుళ్లు మండి వాడు ఏడ్చేవాడు. పళ్ల మీది గోధుమ రంగు చారలు మాత్రం ఇసుమంతైనా పోలేదు.

మాది మునుగోడు వైపు పల్లె. నల్లగొండలో పళ్ల డాక్టరు ఒక్కసారి చూసి, "ఇది తోమకపోవడం కాదమ్మా, ఫ్లోరైడు. మీరు ఏ నీళ్లు తాగుతారు?" అని అడిగారు. అప్పుడు మేం తాగేది బోరు నీళ్లు. ఆరేడేళ్లకు వచ్చే ముందు పళ్లు పసితనంలోనే చిగురు లోపల తయారవుతాయట. అప్పుడు తాగిన నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువుంటే పంటి మీద మచ్చ పడుతుంది. అది పంటిలోనే ఉంటుంది కాబట్టి ఎంత తోమినా పోదు. మన జిల్లాకు ఇది కొత్త సంగతి కూడా కాదు. 1955లోనే నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డాక్టర్ సిద్దిఖీ వ్యాసం వచ్చింది.

టీచరుగారిది చెడ్డ మనసు కాదు. కానీ ఆవిడ రాసిన రెండు వాక్యాల్లో కంటితో చూసింది ఒక్కటీ లేదు. తోముకోవడం లేదన్నది ఊహ, తల్లికి శ్రద్ధ లేదన్నది తీర్పు. అదే ఇలా రాసి ఉంటే? "మీ బాబు ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు కనిపిస్తున్నాయి. తోమితే పోతున్నాయా? పోకపోతే ఒకసారి పళ్ల డాక్టరుకు చూపించండి." నేను ఆ వారమే నల్లగొండ బస్సెక్కేదాన్ని. నింద వల్ల నేను సిగ్గుపడి పిల్లాణ్ణి ఏడిపించాను. నీళ్ల మాట ఎవరికీ తట్టలేదు. ఆ ఇంట్లోనే ఉన్న చిన్నపాప అవే నీళ్లు ఇంకో ఏడాది తాగింది.

ఇంత అనుభవం ఉండి కూడా ఈమధ్య నేనూ ఆ తప్పే చేయబోయాను. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వెలిసింది, తర్వాత మా గల్లీకీ నల్లాలు వచ్చాయి. ఒక వారం మా చివరి ఇళ్లకు నీళ్లు ఆగిపోయాయి. వార్డు వాట్సాప్ గ్రూపులో పెడదామని ఇలా రాసుకున్నాను:

"వాటర్‌మన్‌కు మా గల్లీ అంటే లెక్కే లేదు. ఎప్పుడూ ఇంతే. కావాలనే వాల్వు తిప్పడం లేదు. జీతం తీసుకుంటూ నిద్రపోతున్నాడు."

పంపే ముందు డైరీ గుర్తొచ్చింది. ఒక్కో మాట దగ్గర ఆగి, "ఇది నేను చూశానా, అనుకున్నానా?" అని నన్ను నేనే అడిగాను. లెక్కే లేదు, కావాలనే, నిద్రపోతున్నాడు... అన్నీ అనుకున్నవే! 'ఎప్పుడూ' అన్నది అబద్ధం, పోయిన నెలంతా నీళ్లు బాగానే వచ్చాయి. అవన్నీ కొట్టేస్తే ఏమీ మిగల్లేదు. అంటే ఏ ఇళ్లకు రావడం లేదో, ఎన్నాళ్ల నుంచో నేనసలు రాయనేలేదన్నమాట.

కొంగు బిగించి గల్లీ మొదటి నుంచి చివరి దాకా నడిచి, ఇంటింటికీ అడిగాను. వచ్చి మళ్లీ రాశాను:

"గుడి వెనక గల్లీలో చివరి 6 ఇళ్లకు సోమవారం నుంచి నల్లా నీళ్లు రావడం లేదు. మొదటి 4 ఇళ్లకు సన్నగా పావుగంట వస్తున్నాయి. మూలమలుపు దగ్గర రోడ్డు ఎండలో కూడా తడిగా ఉంటున్నది, పైపు పగిలిందేమో. ఈ ఇళ్లలో ముగ్గురు చిన్నపిల్లలున్నారు, వాళ్లు బోరు నీళ్లు తాగుతున్నారు. అన్నా, రేపు పొద్దున వాల్వూ ఆ మూలా చూడగలరా? బాగయ్యే దాకా తాగడానికి ఒక ట్యాంకరు పంపించమని సెక్రటరీగారిని కోరుతున్నాం."

చూడండి, ఇందులో కోపం లేదు గాని తొందర ఉంది. పిల్లలు బోరు నీళ్లు తాగుతున్నారన్న ఒక్క వాక్యమే ఆ తొందర చెప్పింది. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగడానికి పనికిరాదంటారు. మా బోరులో అంతకన్నా ఎక్కువే ఉంది. కాచితే పోతుందనుకునేరు! పోదు. కాచినకొద్దీ నీరు తగ్గి ఫ్లోరైడు పాళ్లు పెరుగుతాయి.

మర్నాడు వాటర్‌మన్ పార పట్టుకుని నేరుగా మూలమలుపుకే వచ్చాడు. తవ్వితే పైపు పగిలి ఉంది. ఇటుకల లారీ అక్కడ మళ్లినప్పుడు బరువుకు పగిలినట్టుంది. వాల్వు అతను రోజూ తిప్పుతూనే ఉన్నాడు, నీళ్లు మట్టిలోకి పోతున్నాయి. నా మొదటి చీటీ గ్రూపులో పడి ఉంటే ఆ పొద్దంతా నిద్రపోయానా, పోలేదా అన్న పంచాయితీతోనే గడిచేది.

మన తెలుగులోనే ఇందుకు ఒక వీలుంది. "కూర మాడ్చావు" అంటే మనిషి మీదికి పోతుంది, "కూర మాడింది" అంటే గిన్నె మీదికి పోతుంది. "నీళ్లు వదలడం లేదు", "నీళ్లు రావడం లేదు" కూడా అంతే. రెండో రకం మాటతో మొదలుపెడితే వినే మనిషి తనను కాపాడుకునే పని పెట్టుకోడు. కానీ అక్కడితో ఆపితే లాభం లేదు. కోడలితో "కూర మాడింది" అని ఊరుకుంటే అది దెప్పడమే అవుతుంది. "కూర అడుగంటింది. ఈ గిన్నె అడుగు పలచన, రేపటి నుంచి మందపాటిది పెడదాం" అంటే పని జరుగుతుంది. "కూర మాడింది, ఎవరి వల్లనో అందరికీ తెలుసు" అనే అత్తగార్లూ ఉన్నారు. పేరు తీసేసినంత మాత్రాన నింద పోదండీ.

అలాగని అన్నిచోట్లా మనిషిని దాచకూడదు. అదే తప్పు మళ్లీ మళ్లీ జరిగితే 'ఎప్పుడూ' అనకుండా తేదీలు రాయండి: "ఈ నెల 3, 9, 16 తేదీల్లో నీళ్లు రాలేదు." దానికి జవాబు చెప్పక తప్పదు. ఎవరైనా లంచం అడిగితే ఎవరు, ఎప్పుడు, ఎంత అడిగారో పేరుతోనే రాయాలి. ఇక మొగుడు చెయ్యి చేసుకున్న ఇంట్లో "దెబ్బ తగిలింది" అని రాయకండి. "కొట్టాడు" అనే రాయండి. అక్కడ జరిగిందే అది, చూసిందే అది.

మా బాబు ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. ఫొటో తీస్తుంటే ఇప్పటికీ నోరు మూసుకునే నవ్వుతాడు. ఆ డైరీ నా దగ్గరే ఉంది. ఎవరికైనా చీటీ రాయాల్సి వస్తే ఆ పేజీ ఒకసారి తీసి చూసుకుని రాస్తాను.