బొమ్మను సాగదీసిన జాడ

2019లో ఇంటర్నెట్‌లో ఒక పేజీ బాగా చేతులు మారింది. తెరిచిన ప్రతిసారీ ఒక కొత్త ముఖం కనిపించేది. ఆ ముఖం గల మనిషి మాత్రం భూమ్మీద ఎక్కడా లేడు. దాని వెనక పనిచేసింది ఎన్‌విడియా పరిశోధకులు తయారుచేసిన స్టైల్‌గాన్. అది గీసే ముఖం 1024 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు. కానీ మొదలయ్యేటప్పుడు దాని కొలత 4 పిక్సెళ్లకు 4 మాత్రమే. అక్కడి నుంచి 8, 16, 32 అంటూ ఎనిమిదిసార్లు రెట్టింపయితే 1024 అవుతుంది. ఇలాంటి బొమ్మల్లో మిగిలిపోయే ఒక వింత జాడ ఈ రెట్టింపుల దగ్గరే పడుతుంది. కళ్లు ఎంత బాగా కుదిరాయి, చెవిపోగులు జతగా ఉన్నాయా అన్నదానితో దానికి సంబంధమే లేదు.

రెట్టింపు చేయడమంటే లేని పిక్సెళ్లను పుట్టించడం. ఒక వరుసలో 100, 100, 100 అనే మూడు పిక్సెళ్లు ఉన్నాయనుకుందాం. అంటే సాఫీగా ఉన్న గోడ ముక్క. వాటి మధ్య ఖాళీలు పెడితే 100, 0, 100, 0, 100 అవుతుంది. ఇప్పుడు ఒక్కో చోట నిలబడి, అక్కడి విలువనూ అటూ ఇటూ ఉన్న విలువలనూ కలిపి కొత్త విలువ రాయాలి. మూడింటినీ ఉన్నవున్నట్టు కూడితే, పాత పిక్సెల్ ఉన్న చోట 100, ఖాళీ ఉన్న చోట 200 వస్తుంది. సాఫీ గోడ కాస్తా చారల గోడ అయింది. పక్కవాటిని సగం సగమే తీసుకుంటే అన్నిచోట్లా 100 వచ్చి గోడ మళ్లీ సాఫీ అవుతుంది. ఎంత పాళ్లలో కలపాలో యంత్రానికి ఎవరూ చెప్పరు. లక్షల ఫొటోలు చూసి అదే నేర్చుకుంటుంది. దగ్గరదగ్గరగా నేర్చుకుంటుంది కానీ తూచినట్టు కాదు. చివరికి వరుస 100, 101, 100, 101 అని మిగలొచ్చు. ఒక్క అంకె తేడాను కన్ను పట్టదు.

ఈ లోపాన్ని అగస్టస్ ఒడీనా, విన్సెంట్ డ్యుమోలన్, క్రిస్ ఓలా 2016లోనే విడమరిచి చూపించారు. ముందు పక్క పిక్సెల్‌ను ఉన్నదున్నట్టు నకలు చేసి పెంచి, ఆ తర్వాత మెరుగులు దిద్దమని వారి సలహా. అది సాఫీ గోడను కాపాడుతుంది. కానీ జుట్టు, గడ్డి, బట్ట నేత లాంటి చోట్ల నకలు చేసిన పిక్సెల్ మెట్లు మెట్లుగా నిలబడుతుంది. ఆ మెట్లను నునుపు చేయడం మళ్లీ నేర్చుకున్న పాళ్ల మీదే ఆధారపడుతుంది. స్టేబుల్ డిఫ్యూజన్‌లో ఈ పద్ధతే ఉంది. లోపల 64కు 64 గళ్లున్న కుదింపు బొమ్మ మూడు రెట్టింపులతో 512 పిక్సెళ్లవుతుంది. అలాంటి బొమ్మల్లోనూ జాడ దొరుకుతోంది.

కన్ను పట్టనిదాన్ని పట్టడానికి బొమ్మను వేరే రూపంలో రాసుకోవాలి. ఏ బొమ్మనైనా రకరకాల మందాల్లో, రకరకాల దిశల్లో ఉన్న చారల మొత్తంగా విడదీయవచ్చు. ఫూరియర్ గణితం చేసే పని అదే. ఏ చార ఎంత బలంగా ఉందో చూపే పటాన్ని స్పెక్ట్రం అంటారు. లావుపాటి చారలు పటం మధ్యలో, సన్నవి అంచుల్లో ఉంటాయి. 1024 పిక్సెళ్ల బొమ్మలో అతి సన్నని చార రెండు పిక్సెళ్లకోసారి తిరిగివస్తుంది, అంటే బొమ్మ మొత్తంలో 512 సార్లు. అది పటం అంచు. చివరి రెట్టింపు లోపం అక్కడ చుక్కై కూర్చుంటుంది. అంతకు ముందు రెట్టింపులో పడిన లోపం తర్వాత రెండింతలు సాగింది కాబట్టి నాలుగు పిక్సెళ్లకోసారి వస్తుంది, 256 సార్లు. దానికంటే ముందుది 128 సార్లు. కెమెరా ఫొటోలో స్పెక్ట్రం సాధారణంగా మధ్య నుంచి అంచుకు నెమ్మదిగా చల్లారుతూ పోతుంది. సరిగ్గా 128 దగ్గర, 256 దగ్గర చుక్కలు పైకి లేస్తే అవి బుగ్గ నుంచో గోడ నుంచో వచ్చినవి కావు.

ఒక్క బొమ్మలో ఈ చుక్కలు మసకగా ఉంటాయి. అందుకని ముందు బొమ్మను కాస్త నునుపు చేసి, అసలు బొమ్మలోంచి దాన్ని తీసేస్తారు. ముఖం పోయి గరుకు మిగులుతుంది. ఒకే యంత్రం గీసిన వందల, వేల బొమ్మల గరుకుల స్పెక్ట్రాలకు సగటు తీస్తే ముఖాల తేడాలు ఒకదాన్నొకటి కప్పేసుకుని, చుక్కలు తేలతాయి. 2020లో బర్కిలీ, అడోబీ పరిశోధకులు అనేక యంత్రాల బొమ్మలను ఇలాగే పరీక్షించారు. కొన్నిటిలో చుక్కలు కొట్టొచ్చినట్టు కనిపించాయి, కొన్నిటిలో అంతగా లేవు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. మన చేతికొచ్చే బొమ్మ యంత్రం నుంచి నేరుగా రాదు. ఫోన్లో ఫార్వర్డ్ అయ్యేటప్పుడు చిన్నదవుతుంది, జేపెగ్‌గా కుదించబడుతుంది. 1024 పిక్సెళ్ల ముఖం 768కి తగ్గి వచ్చిందనుకుందాం. 768లో 384కు మించి చారలు పట్టవు, కాబట్టి 512 దగ్గరి చుక్కకు అక్కడ చోటే లేదు. కానీ బొమ్మను కుదించినా చారల సంఖ్య మారదు. ఎనిమిది పిక్సెళ్లకోసారి వచ్చే చార ఇప్పుడు ఆరు పిక్సెళ్లకోసారి వస్తుంది, మొత్తం మాత్రం 128 సార్లే. జేపెగ్ బొమ్మను 8కి 8 గళ్లుగా కోస్తుంది కాబట్టి దాని జాడ కూడా ఎనిమిదికోసారే. అయితే ఈ కోత కుదించాక జరిగింది. 768ని 8తో భాగిస్తే 96. అంటే 96 దగ్గరి చుక్క జేపెగ్‌ది, 128 దగ్గరిది పాతది. బొమ్మను కుదించకుండా జేపెగ్ చేసి ఉంటే రెండూ ఒకదాని మీదొకటి పడి విడదీయరానివయ్యేవి. కుదింపు కొంత చెరిపినా, దర్యాప్తుకు ఒక మేలు కూడా చేసిందన్నమాట.

అయినా ఆ 128 చుక్కను చూసి బొమ్మ కల్పితమని తీర్పు చెప్పేయకూడదు. ఒక నిజమైన ఫొటో 1024 పిక్సెళ్ల దగ్గర ఒకసారి గట్టిగా జేపెగ్ అయి, తర్వాత 768కి తగ్గి ఉంటే సరిగ్గా అదే చుక్క వస్తుంది. కెమెరా సంగతి ఇంకా వింత. మామూలు కెమెరా సెన్సర్‌లో ఒక్కో బిందువు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఒక్కదాన్నే కొలుస్తుంది. మిగతా రెండింటినీ పక్క బిందువుల నుంచి ఊహించి నింపుతారు. అంటే ఫొటోలోని రంగు విలువల్లో మూడింట రెండొంతులు లెక్కకట్టినవే. ఆ నింపుడు కూడా రెండు పిక్సెళ్ల లయలో సాగుతుంది, స్పెక్ట్రంలో తన చుక్క తాను పెడుతుంది. లోతైన యంత్రాలు రాకముందు ఈ చుక్క ఉంటేనే నిజమైన ఫొటో అని, లేకపోతే కంప్యూటర్ బొమ్మ అని పరీక్షించే పద్ధతి ఒకటి ఉండేది. కాబట్టి నా దృష్టిలో ఈ చుక్కలు చెప్పేది ఒక్కటే: ఈ బొమ్మ ఎప్పుడో ఒకప్పుడు ఫలానా కొలత గళ్ల మీద నింపబడింది. ఎవరు నింపారన్నది వేరే ఆధారాలతో తేల్చుకోవాలి.

చుక్క లేకపోవడం అంతకంటే బలహీనమైన సాక్ష్యం. యంత్రం చివర్లో ఉన్న ఒక్క రెట్టింపు దశను మార్చితే సన్నచారల దగ్గరి తేడా చాలావరకు మాయమవుతుందని 2021లో ఒక పరిశోధన చూపింది. అదే ఏడాది స్టైల్‌గాన్‌ను తయారుచేసినవాళ్లే దాని మూడో రూపాన్ని తెచ్చారు. అందులో రెట్టింపు దగ్గరి వడపోతలను సిగ్నల్ గణితం ప్రకారం మళ్లీ కట్టారు. కనిపెట్టేవాళ్లను తప్పించుకోవడం వారి ఉద్దేశం కాదు. ముఖం కదిలినప్పుడు గడ్డం వెంట్రుకలు ముఖంతో పాటు కదలకుండా తెర మీదే అతుక్కుపోతున్నాయని, ఆ తప్పు దిద్దడానికి చేశారు.