బిర్యానీ పెట్టినా ఐకియా ఐకియాయే

1985లో స్వీడన్ ఫర్నిచర్ సంస్థ ఐకియా అమెరికాలో తన మొదటి దుకాణాన్ని ఫిలడెల్ఫియా దగ్గర తెరిచింది. కొన్నాళ్లకు అక్కడ పూలకుండీలు విపరీతంగా అమ్ముడవడం మొదలైంది. తీరా చూస్తే, జనం వాటిని కొంటున్నది పూలు పెట్టుకోవడానికి కాదు, నీళ్లు తాగడానికి. నిండా ఐసు ముక్కలు వేసుకుని తాగే అమెరికన్లకు ఐకియా గ్లాసులు మరీ చిన్నవిగా అనిపించాయి. మంచాల సంగతీ అంతే. సెంటీమీటర్ల కొలతలతో చేసిన ఆ మంచాలకు అమెరికాలో దొరికే దుప్పట్లు సరిపోలేదు. స్వీడన్‌లో బాగా అమ్ముడైన సరుకు అన్నిచోట్లా అలాగే పోతుందనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. కొత్త దేశానికి వెళ్లే బ్రాండ్లు ఎక్కువగా చేసే తప్పు కూడా ఇదే. పైగా ఇది వెంటనే బయటపడదు. సరుకు ఎంత పోయిందన్న లెక్క ఒక్కటే చూస్తే పూలకుండీ విజయంలాగే కనిపిస్తుంది. కొన్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లి దాన్ని ఏం చేస్తున్నారో చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది.

హైదరాబాద్‌కు వచ్చేసరికి ఐకియా ఆ పని ముందే చేసింది. 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీ దగ్గర మన దేశంలోని తన తొలి దుకాణాన్ని తెరవడానికి ముందు, సంస్థ మనుషులు దేశంలో సుమారు వెయ్యి ఇళ్లకు వెళ్లి వంటగదులూ పడకగదులూ చూశారు. మనవాళ్లు ఎలా వండుతారు, ఎక్కడ కూర్చుంటారు, పిల్లలు ఎవరి పక్కన పడుకుంటారు అన్నవన్నీ గమనించారు. ఆ తర్వాత కొబ్బరి పీచు పరుపులు, పోపుల డబ్బాలు, ఇడ్లీ పాత్రలు అరల్లోకి వచ్చాయి. మన ఆడవాళ్ల ఎత్తును బట్టి కొన్ని అల్మరాలను కాస్త కిందికి అమర్చి చూపించారు. వెయ్యి మంది కూర్చునే రెస్టారెంటులో బిర్యానీ, సమోసా చేరాయి. స్వీడన్ మాంసం ఉండలను ఇక్కడ గొడ్డుమాంసం, పందిమాంసం లేకుండా కోడిమాంసంతో, కూరగాయలతో చేశారు.

ఇవన్నీ పైకి కనిపించే మార్పులు. నాకు వీటికన్నా ఆసక్తిగా అనిపించేది బిగింపు విషయంలో తీసుకున్న నిర్ణయం. ఐకియా బల్లనో బీరువానో విడి భాగాలుగా, పలచటి అట్టపెట్టెలో పెట్టి ఇస్తుంది. ఇంటికెళ్లి మనమే బిగించుకోవాలి. మన దగ్గర మధ్యతరగతి ఇళ్లలో ఆ అలవాటు తక్కువ. వడ్రంగి వస్తాడు, ఇంట్లోనే కూర్చుని చేస్తాడు, లేదంటే తయారైన సామాను బండిలో దిగుతుంది. మరి ఇక్కడికోసం ఆ అట్టపెట్టె పద్ధతి మానేయాలా?

మానేస్తే ఐకియాకు ఆధారమే పోతుంది. 1956 నుంచి సంస్థ ఈ పద్ధతిని పట్టుకున్నది ముచ్చటకు కాదు. విడదీసిన బల్ల లారీలో చాలా తక్కువ చోటు తీసుకుంటుంది, గోదాములో ఒకదానిమీద ఒకటి పేర్చవచ్చు, దారిలో విరగడం తగ్గుతుంది. తక్కువ ధర అక్కడినుంచే వస్తుంది. అందుకని పెట్టెను అలాగే ఉంచి, బిగించే పనిని మాత్రం మార్చారు. సొంతంగా బిగించేవాళ్లను పెట్టుకున్నారు, ఇంటికొచ్చి పనులు చేసే మరో సంస్థతోనూ ఒప్పందం చేసుకున్నారు. కొనేవాడు కొంత రుసుము కడితే మనిషి వచ్చి బిగించి వెళ్తాడు.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి అని తేల్చుకునే పద్ధతి ఇందులోనే ఉందని నా అభిప్రాయం. ఒక అలవాటు ఎందుకు వచ్చిందని వెనక్కి వెళ్లి అడగాలి. పెట్టె వెనక ధర ఉంది, ధర ఆ బ్రాండ్ జనానికి ఇచ్చిన మాట. కాబట్టి అది కదలకూడదు. కొనేవాడే స్క్రూలు తిప్పాలన్నది స్వీడన్ అలవాటు, కాబట్టి వదులుకోవచ్చు. నీలం, పసుపు రంగుల దుకాణం, నోరు తిరగని స్వీడిష్ పేర్లు, గదులన్నీ చుట్టి వచ్చే పొడవాటి దారి హైదరాబాద్‌లోనూ అలాగే ఉన్నాయి. అవి చూస్తేనే కదా ఇది ఐకియా అని తెలిసేది.

అయితే ధరను మార్చకుండా ఉంచాలంటే అంకెను మార్చాల్సి వస్తుంది. యూరప్‌లో చవకైన వస్తువు ఇక్కడ ఖరీదైనదే కావచ్చు. చైనాకు 1998లో వెళ్లినప్పుడు ఐకియాకు ఇది అనుభవమైంది. తక్కువ ధర అని చెప్పుకునే సంస్థ అక్కడి యువతకు ఖరీదైన దుకాణంలా కనిపించింది. స్థానికంగా తయారీ పెంచి, ధరలు బాగా తగ్గించాకే పరిస్థితి మారింది. హైదరాబాద్‌లో మొదటిరోజే 200 రూపాయల లోపు వస్తువులు వెయ్యి దాకా ఉంచడానికి కారణం కూడా ఇదే.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పూ ఉంది. స్థానికం పేరుతో మార్చకూడనిది మార్చడం. 2012లో సౌదీ అరేబియాకోసం వేసిన కేటలాగులో ఐకియా ఫొటోల్లోంచి ఆడవాళ్లను తీసేశారు. ఒక ఫొటోలో స్నానాల గదిలో పిల్లాడితో నిలబడ్డ తల్లి, సౌదీ ప్రతిలో మాయమైంది. స్వీడన్ పత్రిక మెట్రో రెండు ఫొటోలూ పక్కపక్కన వేయడంతో సొంత దేశంలోనే పెద్ద దుమారం రేగింది. అది తమ విలువలకు విరుద్ధమని ఒప్పుకుని సంస్థ విచారం తెలిపింది. ఒక దేశం కోసం అచ్చేసిన పుస్తకం ఆ దేశంలోనే ఉండిపోతుందనుకోవడం ఇక్కడ జరిగిన పొరపాటు. వంటకంలోంచి గొడ్డుమాంసం తీసేస్తే ఐకియా ఇచ్చిన మాట ఏదీ తప్పినట్టు కాదు. ఇంటిల్లిపాదికీ మంచి జీవితం అని చెప్పుకునే సంస్థ ఆ ఇంట్లోంచి తల్లినే చెరిపేస్తే, స్వీడన్‌లో ఆ మాటను నమ్మి కొన్నవాళ్లు ఊరుకోలేదు.