అడ్డం బ్యానర్‌ని నిలువు చేస్తే అక్షరాలు ఎక్కడికి పోవాలి?

వెబ్‌సైట్ కోసమో ఫ్లెక్స్ కోసమో చేయించిన అడ్డం బ్యానర్‌ని వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఏమవుతుందో మనందరం చూస్తూనే ఉంటాం. తెర మధ్యలో సన్నటి పట్టీలా బొమ్మ, పైనా కిందా ఖాళీ. తేదీ ఎప్పుడో, చోటు ఎక్కడో చదవాలంటే ఫోను ముక్కు దగ్గరికి తెచ్చుకోవాలి. పోనీ పెద్దది చేద్దామని వేళ్లతో లాగితే ఎడమవైపు పేరు సగం తెగుతుంది, కుడివైపు మనిషి సగం తెగుతుంది.

దీని వెనక చిన్న లెక్క ఉంది. మామూలుగా వాడే అడ్డం బ్యానర్ కొలత 1920 పిక్సెళ్ల వెడల్పు, 1080 ఎత్తు. అందులోంచి చదరపు ముక్క తీస్తే వెడల్పులో సగానికి కాస్త పైన మిగులుతుంది. స్టేటస్, స్టోరీ, రీల్‌ల నిలువు ఆకారం కొలత 1080 వెడల్పు, 1920 ఎత్తు. ఆ ఆకారంలో కత్తిరిస్తే మిగిలే వెడల్పు దాదాపు 607 పిక్సెళ్లు, అంటే మూడో వంతు కూడా లేదు. పైగా ఆ ముక్కను తెర నిండేలా దాదాపు రెండింతలకు సాగదీయాలి కాబట్టి బొమ్మ మసకబారుతుంది. కిటికీని ఎటు జరిపినా పేరు, మనిషి రెండూ అందులో పట్టవు.

అందుకే డిజైనర్లు పూర్తయిన బ్యానర్‌ని కత్తిరించరు. దాన్ని మళ్లీ విడి భాగాలు చేస్తారు. ఫోటో ఒకటి, అక్షరాలు ఒకటి, లోగో ఒకటి. కత్తెర పడేది ఫోటోకి మాత్రమే. అక్షరాలను కొత్తగా వరుసలు కడతారు, లోగోకి కొత్త చోటు వెతుకుతారు. ఈ పని జరగాలంటే చేతిలో జేపెగ్ ఉంటే చాలదు. లేయర్లు విడివిడిగా ఉన్న అసలు ఫైలూ, కెమెరాలోంచి వచ్చిన అసలు ఫోటో కావాలి. బ్యానర్ చేయించుకున్న రోజే ఈ రెండూ అడిగి తీసుకోవడం మంచిది. తర్వాత అడిగితే దొరకవు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మంగళగిరి చేనేత చీరల ప్రదర్శనకి అడ్డం బ్యానర్ ఉందనుకోండి. కుడివైపు చీర కట్టుకున్న ఒకావిడ నిలబడి, పైట చెంగును చేత్తో పట్టి ఎడమవైపు పరిచి చూపిస్తోంది. ఆమె చూపు కూడా ఎడమవైపే. వెనక సాదా గోడ. ఎడమ భాగంలో, గోడ మీద, ‘మంగళగిరి చేనేత చీరల ప్రదర్శన’ అని ఒకే వరుస. దాని కింద తేదీలు, హాలు చిరునామా, ప్రవేశం ఉచితం అన్న మాట, ఫోన్ నంబరు. ఎడమ పై మూలన దుకాణం లోగో. అడ్డం బ్యానర్‌గా దీనికి వంక పెట్టలేం. చూపు ముందు ఆమె ముఖం మీద పడుతుంది, ఆమె చూస్తున్న వైపే అక్షరాలు ఉన్నాయి.

చదరంలోకి వస్తే పక్కపక్కన ఉన్న రెండు భాగాలూ ఇరుకవుతాయి. ఆమెకీ చెంగుకీ 600 పిక్సెళ్లు పోతే అక్షరాలకి మిగిలేది 480. అక్కడ పేరంతా ఒకే వరుసలో పెట్టాలంటే అక్షరాలు చీమల్లా అయిపోతాయి. ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. పాత వరుసను అలాగే ఉంచి, అక్షరాలను రెండు పక్కల నుంచి నొక్కేస్తారు. తెలుగు అక్షరం గుండ్రన, కాబట్టి ఆ నొక్కుడు వెంటనే బయటపడుతుంది. ‘ళ’, ‘గ’ సన్నగా కోలగా సాగిపోతాయి. దానికంటే పేరును విరవడం మేలు. మంగళగిరి, చేనేత, చీరలు అని మూడు వరుసలు. ఈ మూడు మాటల్లో ఏదీ మరీ పొడవు కాదు కాబట్టి అక్షరం పెద్దగానే ఉంటుంది. ‘ప్రదర్శన’ అన్న మాటను చిన్న సైజులో తేదీలతో కలిపి కింద పట్టీలోకి దించవచ్చు. ఫోన్ నంబరును బొమ్మలోంచి తీసేసి పోస్టు కింద రాసే మాటల్లోకి పంపవచ్చు. అక్షరాలు ఎక్కడ పడ్డా సరే, చెంగు మీద మాత్రం పడకూడదు. అమ్మేది దాన్నే కదా.

ఇన్‌స్టాగ్రామ్‌లో చదరానికి ఇంకో చిక్కు ఉంది. 2025 నుంచి అక్కడి ప్రొఫైల్ పేజీలో బొమ్మలు చదరంగా కాకుండా కాస్త నిలువుగా, వెడల్పు 3 పాళ్లయితే ఎత్తు 4 పాళ్ల లెక్కన కనిపిస్తున్నాయి. 1080 చదరం ఆ గడిలో పడినప్పుడు అటూ ఇటూ 135 పిక్సెళ్ల చొప్పున తెగుతుంది. అంచుకి దగ్గరగా మొదలైన ‘మంగళగిరి’ అక్కడ ‘గళగిరి’ అయి కూర్చుంటుంది. 1080 వెడల్పు, 1350 ఎత్తు ఉన్న పోస్టు చేసుకుంటే పక్కల నుంచి పోయేది 34 పిక్సెళ్లే. ఇన్‌స్టాగ్రామ్ కోసమైతే నేను దాన్నే ఎంచుకుంటాను. చదరం నిజంగా అవసరమైన చోటికే చదరం.

అసలు కష్టం నిలువు ఆకారంతోనే. ఇక్కడ 1920 పిక్సెళ్ల ఎత్తు ఉన్నట్టు కనిపిస్తుంది గానీ అంతా మనది కాదు. పైన ఖాతా పేరు, ప్రొఫైల్ బొమ్మ వచ్చి కూర్చుంటాయి. కింద జవాబు రాసే గడి, బటన్లు. వాట్సాప్ స్టేటస్‌లోనైతే మనం రాసిన వాక్యం కూడా కింద బొమ్మ మీదే పడుతుంది. స్టోరీ ప్రకటనలకు మెటా సంస్థ ఇచ్చే సూచన ప్రకారం పైన 14 శాతం, కింద 20 శాతం మేర అక్షరాలు, లోగోలు పెట్టకూడదు. అంటే పైన సుమారు 270, కింద 385 పిక్సెళ్లు వదిలేయాలి. రీల్‌లో కింద వదలాల్సింది ఇంకా ఎక్కువ, 35 శాతం. చీర, గోడ ఆ చోట్లలోకీ పారవచ్చు, చదవాల్సింది మాత్రం ఏదీ ఉండకూడదు.

మన ఫోటో అసలు కొలత 6000 వెడల్పు, 4000 ఎత్తు అనుకుందాం. పూర్తి ఎత్తు తీసుకుని నిలువుగా కత్తిరిస్తే వెడల్పు 2250 మిగులుతుంది. బొమ్మ స్పష్టంగానే ఉంటుంది గానీ చెంగు తెగిపోతుంది, ఆమె తల పై అంచుకి తగులుతుంది. పేరు రాద్దామంటే చోటు లేదు. ఇక్కడ సాదా గోడ ఆదుకుంటుంది. ఫోటోను నిలువు ఆకారమంతా నింపకుండా కింది 1400 పిక్సెళ్లకే సర్ది, పైన 520 పిక్సెళ్ల మేర గోడను అదే రంగుతో పొడిగిస్తే సరిపోతుంది. అప్పుడు అసలు ఫోటోలోంచి 3086 పిక్సెళ్ల వెడల్పు తీసుకోవచ్చు కాబట్టి చెంగు వెనక్కి వస్తుంది. పొడిగించిన గోడ మీద, పై 270 దాటాక, ‘మంగళగిరి’ ఒక వరుస, ‘చేనేత చీరలు’ రెండో వరుస. తేదీలు, హాలు పేరు కుచ్చిళ్ల మీదుగా 1310కీ 1530కీ మధ్య, వెనక కాస్త ముదురు నీడ వేసి పెట్టవచ్చు. ఆ కింద చీర అంచు తప్ప ఇంకేమీ వద్దు.

అక్షరాలు ఇప్పుడు తలపైనా పాదాల వైపూ ఉన్నాయి, ఆమె చూపేమో ఎడమ అంచు దాటి బయటికి పోతోంది. సూటిగా కెమెరాలోకి చూస్తున్న ఫోటో అదే షూటింగ్‌లో ఉంటే నిలువుకి దాన్ని వాడుకోవాలి. చూపు తిప్పడానికని ఫోటోను అద్దంలోలా తిరగేయడం మాత్రం వద్దు. ఎడమ భుజం మీది పైట కుడి భుజానికి మారిపోతుంది. చీరలు కొనడానికి వచ్చేవాళ్లు మొదట పట్టుకునే తప్పు అదే.

తెలుగు అక్షరాలను వరుసలు కట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. ఫోటోషాప్ తనంతట తాను వరుసల మధ్య ఇచ్చే ఎడం అక్షరం సైజుకి 120 శాతం. ఇంగ్లిష్‌కి సరిపోయే ఆ ఎడంలో పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ‘ప్రదర్శన’లో రెండు వత్తులున్నాయి, దాని కింద ‘వేదిక’ వచ్చిందంటే ఏత్వం, గుడి పైకి లేస్తాయి. ఒకే వరుసగా ఉన్నంత కాలం ఈ సమస్య లేదు, మూడు వరుసలు చేయగానే మొదలవుతుంది. ఎడాన్ని 145, 150 శాతానికి పెంచి కంటితో సరిచూసుకోవాలి. అక్షరాల కింద లోగో పెడుతుంటే దూరాన్ని అక్షరం అడుగు నుంచి కాకుండా వత్తు అడుగు నుంచి కొలవాలి.

మన ఊళ్లలోని డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కంపోజ్ చేసి, ప్రింటుకి పంపే ముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా మార్చేసే అలవాటుంది. ప్రింటుకి అది మంచిదే. ఆ ఫైలు తెచ్చి నిలువు చేయబోతే అక్షరాలు గీతలైపోయి ఉంటాయి, వరుస విరవాలంటే ఒక్కో మాటను కోసి జరపాలి. కర్వ్స్ చేయకుండా ఇస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. నాలుగైదు వరుసల సమాచారమే కాబట్టి యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసుకోవడమే తక్కువ శ్రమ.

సైజు ఎంత ఉండాలో తేల్చడానికి స్కేలు చాలు. ఫోను తెర వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లు. అడ్డం బ్యానర్‌లో 36 పిక్సెళ్ల ఎత్తున్న చిరునామా ఫోనులో 1.3 మిల్లీమీటర్లకు పడిపోతుంది. నిలువు బొమ్మలో 1080 పిక్సెళ్లు అదే 7 సెంటీమీటర్లు నింపుతాయి కాబట్టి 3 మిల్లీమీటర్ల అక్షరం కావాలంటే 46 పిక్సెళ్లు పెట్టాలి. అంతకంటే చిన్నగా తప్ప పట్టని సమాచారం బొమ్మలో ఉండనక్కర్లేదు.

ఇక లోగో. బ్యానర్‌లో ఎడమ పై మూలన ఉంది కాబట్టి అన్నిచోట్లా అక్కడే ఉండాలని యజమానులు పట్టుబడతారు. నిలువులో ఆ మూల ప్రొఫైల్ బొమ్మది, ఆ బొమ్మ చాలాసార్లు ఇదే లోగో. ఒకదాని మీద ఒకటి పడి రెండూ పోతాయి. తేదీల వరుస చివరన, సాదాగా ఉన్న చోట పెడితే హాయిగా కనిపిస్తుంది. బ్యానర్‌లో 230 పిక్సెళ్లున్న లోగోని వెడల్పుల నిష్పత్తిలో తగ్గిస్తే 130కి దిగి, అందులోని పేరు చదవలేం. 200 దగ్గర ఉంచితే నయం. జరీ మీద పెట్టి, కనబడక, చుట్టూ తెల్ల డబ్బా వేసే పద్ధతి నాకు నచ్చదు. నాయకుల ఫోటోలు పై వరుసలో పేర్చే ఫ్లెక్సులకైతే ఈ గొడవ ఇంకా పెద్దది. పై వరుసలో ఎవరున్నా నిలువు తెరలో వాళ్ల ముఖాల మీదే ఖాతా పేరు పడుతుంది.

క్యాన్వా లాంటి వాటిలో రీసైజ్ బటన్ ఉంటుంది. కాగితం ఆకారం మార్చి, భాగాలను దామాషాలో అటూ ఇటూ జరిపే పని వరకూ అది చేసిపెడుతుంది. చెంగు తెగిందా, వత్తు తగిలిందా అన్నది చూసే బాధ్యత మనదే. చూడటానికి కంప్యూటర్ తెర చాలదు. వాట్సాప్ స్టేటస్‌ని ఒక్కరికే కనిపించేలా పెట్టే వీలుంది. ఇంట్లో ఒకరి ఫోనులో అలా తెరిచి, తేదీ, చోటు చదివి చెప్పమంటే పది సెకన్లలో తేలిపోతుంది.

ఏ సర్దుబాటుకీ లొంగని ఫోటోలూ ఉంటాయి. పదిమంది నేతకారులు వరుసగా నిలబడిన ఫోటోని నిలువుగా కత్తిరించడమంటే ఎవరిని తీసేయాలో నిర్ణయించడమే. అలాంటప్పుడు ఫోటోని అడ్డంగానే వదిలి, నిలువు తెర మధ్యలో పూర్తి వెడల్పున పెట్టి, దాని పైన పేరు, కింద తేదీలు, లోగో పెద్ద అక్షరాల్లో సర్దుతారు. అడుగున వేసే రంగును చీర అంచులోంచి తీసుకుంటే, మొదటి నుంచీ నిలువుగానే గీసిన బొమ్మలా కనిపిస్తుంది.