హ్యాండిల్ నిటారైంది, మరి ఫోర్కు?

బైకు కింద పడగానే చాలామంది చేసే మొదటి పని, ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి వంకరపోయిన హ్యాండిల్‌ని ఒక్క గుంజు గుంజడం. సాధారణంగా అది నిటారుగా వచ్చేస్తుంది కూడా. సరిపోయిందనుకుని సెల్ఫ్ కొట్టి బయల్దేరితేనే చిక్కు.

వానలో జారి డివైడర్‌ను ఢీకొట్టిన ఒక 150 సీసీ బండి సంగతే చూద్దాం. గుంజితే హ్యాండిల్ సగం సర్దుకుంది గానీ, బండి మాత్రం ఎడమకే లాగుతోంది.

మెకానిక్ డబుల్ స్టాండు వేసి, ఇంజన్ కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపాడు. తర్వాత యాక్సిల్‌నీ, మడ్‌గార్డు బోల్టులనూ, ఫోర్కులను పట్టి ఉంచే పై టీ, కింది టీ బోల్టులనూ వదులు చేశాడు. ఫోర్కులు టీలో మెలితిరిగి ఉంటే, ఈ దశలో చక్రాన్ని కాస్త తిప్పగానే దారికొస్తాయి. అప్పుడు కొత్త సామాను అక్కర్లేదు, సరిగ్గా బిగిస్తే చాలు.

ఈ బండి దారికి రాలేదు. మెరిసే రెండు రాడ్ల మీద అడ్డంగా చదునైన అద్దం ముక్క ఆనిస్తే ఒక మూల టకటకమంటూ ఊగింది. రాడ్లు ఊడదీసి మందపాటి అద్దం మీద దొర్లించాడు. ఎడమది సాఫీగా దొర్లింది. కుడిదాని కింద వెలుతురు కనిపిస్తూ మాయమవుతూ వచ్చింది. వంపు సరిగ్గా కింది టీకి దిగువన ఉంది. దెబ్బ బలం ఎక్కువగా పడేది అక్కడే. చాలా కంపెనీల సర్వీసు మాన్యువళ్లు ఒప్పుకునే వంకర 0.2 మిల్లీమీటర్లే. వంగిన రాడ్డును ప్రెస్‌లో పెట్టి తక్కువ ఖర్చులో సరిచేసేవాళ్లు దొరుకుతారు. కానీ ఆ చోట లోహం బలహీనపడుతుంది, క్రోమ్ పూత చిట్లితే ఆయిల్ సీలు కారుతుంది. ఇక్కడ పొదుపు పనికిరాదు, కొత్తది వేయాల్సిందే.

రాడ్డు వంగేంత దెబ్బ చాసిస్‌కూ తగిలి ఉండొచ్చు. అందుకే స్టీరింగ్ హెడ్ వెనక వెల్డింగుల దగ్గర రంగు పగిలిందేమో, మడతలు పడ్డాయేమో చూశాడు. హ్యాండిల్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పితే నడిమధ్యలో గుంటలో పడ్డట్టు ఆగుతోంది. అంటే కోన్ సెట్ దెబ్బతింది.

ఆఖరున దారం పరీక్ష. చైన్ అడ్జస్టర్ గీతలు రెండు పక్కలా సమానంగా ఉన్నాయని చూసుకుని, వెనక టైరు రెండు వైపులా ఆనేలా దారాలు ముందుకు లాగాడు. ముందు టైరుకూ దారానికీ మధ్య సందు రెండు పక్కలా ఒకటేలా వచ్చింది. చాసిస్ పక్కకు పోలేదన్నమాట. హెడ్ నేరుగా వెనక్కి నొక్కుకుపోతే మాత్రం దారం చెప్పలేదు. దానికి ముందు టైరు నుంచి ఇంజన్ దాకా దూరాన్ని అదే మోడల్ బండితో పోల్చాలి.

కొత్త రాడ్డు, కోన్ సెట్ పడ్డాక, హ్యాండిల్‌ని రెండు చివరలకూ తిప్పి ఎక్సలేటర్ వదిలితే టక్కున వెనక్కి వస్తోందా, బ్రేకు పైపు ఎక్కడైనా బిగుసుకుంటోందా అని చూశాకే బండి రోడ్డెక్కింది. ఇన్సూరెన్స్ క్లెయిము ఉంటే, సర్వేయర్ చూసేదాకా విప్పకూడదు.